అమ్మవారు పోసిన పాప సెలవు చీటీని ఇంగ్లీషులో రాయడం ఎలా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా, బెంగళూరులో ఉంటున్నాం. మా పాప అయిదో తరగతి. అమ్మవారు పోసి 2025 ఫిబ్రవరి 4 నుంచి 12 వరకు బడికి పోలేదు. మా ఆవిడ తెలుగులో సెలవు చీటీ రాసింది. క్లాస్ టీచరమ్మది కేరళ, తెలుగు చదవలేరు. ఇంగ్లీషులో రాసి పంపమన్నారు. ఈ చీటీని ఉన్నదున్నట్టు ఎలా అనువదించాలి? మా ఆవిడకు ఇంగ్లీషు అక్షరాలు రావు, తెలుగు లిపిలో ఇస్తే తనూ చదువుకుంటుంది.

చీటీ ఇది: "గౌరవనీయులైన టీచరు గారికి, తమ తరగతి బి సెక్షన్‌లో చదువుచున్న మా పాప తల్లి నమస్కరించి వ్రాయునది. మా పాపకు పోయిన సోమవారం సాయంత్రం ఒళ్ళు వెచ్చబడి, మరునాటికి అమ్మవారు పోసినది. అందువలన తొమ్మిది దినములుగా బడికి పంపలేదు. నిన్న తలకు నీళ్ళు పోసినాము. ఇప్పుడు కులాసాగా ఉన్నది. ఇంకా నీరసముగా ఉన్నందున ఆటలు ఆడించవద్దు. పోయిన పాఠములు దయతో చెప్పగలరు. సెలవు మంజూరు చేయగలరని ప్రార్థన. ఇట్లు, తమ విధేయురాలు."

సమాధానం:

మీ శ్రీమతి చీటీలో లోపమేమీ లేదు. తెలుగు చదివే ఉపాధ్యాయురాలికి ఇది నిండుగా సరిపోతుంది. "ఉన్నదున్నట్టు" అనువదిస్తేనే చిక్కు వస్తుంది, ఎందుకంటే ఇందులోని నాలుగైదు మాటలు మన ఇళ్ళలో అందరికీ తెలిసిన సంగతులను ఆసరాగా చేసుకొని నిలబడ్డాయి. ఆ ఆసరా లేని మనిషి చదివినప్పుడు కూడా అదే విషయం అందాలంటే, ప్రతి మాటా అక్కడ ఏ పని చేస్తోందో చూసి, ఆ పనిని ఇంగ్లీషులో చేసే మాటను వెతుక్కోవాలి. నేను ఇరవై ఏళ్ళకు పైగా ఇంగ్లీషు పాఠాలు చెప్పాను, తరగతి ఉపాధ్యాయుడిగా ఇలాంటి చీటీలు వందల కొద్దీ అందుకున్నాను, పొరుగువారి కోసం కొన్నింటిని అనువదించాను కూడా. ఆ అనువాదాల్లో నేను చేసిన ఒక తప్పుతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అది మీ చీటీలోని మాటకు సంబంధించినదే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మా వీధిలోని ఒక తల్లి ఇలాంటి చీటీనే తెచ్చి, కొడుకు చదివే మరో బడికి ఇంగ్లీషులో రాసిపెట్టమన్నారు. "అమ్మవారు" అన్న మాటకు నా దగ్గరున్న పాత నిఘంటువులో స్మాల్‌పాక్స్ అని ఉంది. నేను అదే రాశాను. పైగా "పోసి ఉన్నందున" అన్నారు గదా అని "ఈజ్ సఫరింగ్ ఫ్రమ్" అని చేర్చాను. ఆ పిల్లవాడు తొమ్మిదో రోజున తలస్నానం చేసి, బొట్టు పెట్టుకొని, చీటీ పట్టుకొని బడికి వెళ్ళాడు. ఆ చీటీ ప్రకారం వాడికి అప్పటికింకా మశూచికం ఉన్నట్టు! వాడిని గేటు దగ్గరే నిలిపివేసి, తల్లికి కబురు పంపారు. మశూచికం భూమి మీద లేకుండా పోయిందని ప్రపంచ ఆరోగ్య సభ 1980 మే నెలలోనే ప్రకటించిందన్న సంగతి నాకు తెలియకేమీ కాదు. కానీ నిఘంటువు ముందు ఉన్నప్పుడు తెలిసిన సంగతి కూడా గుర్తుకు రాదు.

"అమ్మవారు" ఒక్క జబ్బు పేరు కాదు. మశూచికాన్ని పెద్దమ్మవారని, ఆటలమ్మను చిన్నమ్మవారని అనేవారు. పొంగు, తట్టు అని పిలిచే మీజిల్స్‌ను కూడా కొన్ని ఇళ్ళలో అమ్మవారి ఖాతాలోనే వేస్తారు. ఇప్పుడు మశూచికం లేదు కనుక మిగిలినవి రెండు, చికెన్‌పాక్స్, మీజిల్స్. అనువాదకుడు ఈ రెండింటిలో ఏదో తేల్చుకోనిదే ముందుకు పోకూడదు. అందుకు నిఘంటువు పనికిరాదు, మీ శ్రీమతినే అడగాలి. నీరు నిండిన పొక్కులు ముందుగా ఛాతీ, వీపు, ముఖం మీద లేచి, విడతలు విడతలుగా వస్తూ, బాగా దురద పెట్టాయా? ఒకే చోట కొత్త పొక్కు, నీరు పట్టిన పొక్కు, ఎండిన పొక్కు కలిసి కనిపించాయా? అలాగైతే అది చికెన్‌పాక్స్. అలా కాకుండా మూడు నాలుగు రోజుల ముందు నుంచే గట్టి జ్వరం, దగ్గు, ముక్కు కారడం, కళ్ళు ఎర్రబడడం ఉండి, ఆ తరువాత నీరు లేని ఎర్రటి దద్దు ముఖం మీద మొదలై కిందికి దిగిందా? అయితే మీజిల్స్ అని అనుమానించాలి, వైద్యునికి చూపించకుండా పేరు రాయకూడదు. మీ చీటీలో సాయంత్రం ఒళ్ళు వెచ్చబడి మరునాటికే పొక్కులు వచ్చాయని ఉంది. ఇది చికెన్‌పాక్స్ నడకకు సరిపోతుంది. వైద్యుడు కూడా అదే చెప్పి ఉంటే "చికెన్‌పాక్స్" అని నేరుగా రాయండి. వైద్యునికి చూపించకపోతే "వాట్ అపియర్డ్ టు బి చికెన్‌పాక్స్" అని రాయడం నిజాయితీ.

కన్నడంలోనూ దీన్ని "అమ్మ" అనే అంటారు, తమిళంలో "అమ్మై", హిందీలో "చోటీ మాతా" అంటారు. ఆ టీచరమ్మకు "గాడెస్" అని రాసినా అర్థమవుతుందేమో గాని, అది అర్థం కావలసింది ఆమెకు ఒక్కరికే కాదు. చీటీ ప్రిన్సిపాల్ దగ్గరికి, బడిలో నర్సు ఉంటే ఆమె దగ్గరికి, హాజరు లెక్క చూసే వారి దగ్గరికి కూడా పోతుంది. తరగతిలో ఎవరైనా ఉపాధ్యాయురాలు గర్భవతిగా ఉంటే, చిన్నప్పుడు ఆమెకు ఈ జబ్బు రాకపోయి ఉంటే, ఈ సమాచారం ఆమెకు మరీ అవసరం. అందువల్ల జబ్బు పేరు విషయంలో మర్యాద కోసం "నాట్ వెల్" అని దాటవేయడం కూడా సరికాదు. మామూలు జలుబు, జ్వరాలకు అది చాలు, అంటుకునే జబ్బుకు చాలదు.

ఇక తేదీలు. "పోయిన సోమవారం" అన్న మాటను చూడండి. చీటీ రాసింది ఫిబ్రవరి 13, గురువారం. ఆ రోజున "పోయిన సోమవారం" అంటే కొందరు 10వ తేదీ అనుకుంటారు, కొందరు 3వ తేదీ అనుకుంటారు. తొమ్మిది రోజుల లెక్క పక్కనే ఉంది కనుక మనం 3 అని గ్రహిస్తాం. ఇంగ్లీషులో "లాస్ట్ మండే" అని రాసినా ఇదే తకరారు ఉంటుంది, అదీగాక చదివే మనిషి అంత ఓపికగా లెక్క కట్టరు. కాబట్టి వారం పేరుతో పాటు తేదీ వేయాలి. "తొమ్మిది దినములు" కూడా అంతే. 4 నుంచి 12 వరకు లెక్క పెడితే తొమ్మిది రోజులే, కానీ మధ్యలో 9వ తేదీ ఆదివారం. శనివారం బడి ఉన్న చోట హాజరు పట్టీలో ఎనిమిది గైర్హాజరులే పడతాయి, శనివారం సెలవైతే ఏడు పడతాయి. చీటీలో "నైన్ డేస్" అని రాసి, పట్టీలో ఎనిమిది ఉంటే ఎవరో ఒకరు ఫోన్ చేసి అడుగుతారు. రోజుల సంఖ్యను వదిలేసి "నుంచి, వరకు" తేదీలు రాయడం మంచిది. మీ శ్రీమతి రాసిన సంఖ్యను వదిలేయడం అనువాద దోషం కాదా అని మీరు అడగవచ్చు. సంఖ్య చేస్తున్న పని ఎన్నాళ్ళు రాలేదో చెప్పడం, ఆ పనిని తేదీలు అంతకంటే కచ్చితంగా చేస్తున్నాయి.

జ్వరం వచ్చిన రోజు, పొక్కులు లేచిన రోజు రెండూ చీటీలో ఉన్నాయి, వాటిని తప్పక నిలుపుకోండి. చాలామంది అనువాదంలో ఇవి అనవసరమని కొట్టేస్తారు, నిజానికి టీచరుకు అత్యంత అవసరమైనవి ఇవే. చికెన్‌పాక్స్ పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఇతరులకు అంటుతుంది. మీ పాప సోమవారం 3వ తేదీన బడికి వెళ్ళి, సాయంత్రం జ్వరంతో ఇంటికి వచ్చింది. అంటే ఆ రోజు పక్కన కూర్చున్న పిల్లలకు సోకి ఉండవచ్చు. సోకిన తరువాత బయటపడడానికి 10 నుంచి 21 రోజులు పడుతుంది కనుక, టీచరు ఫిబ్రవరి 24 వరకు ఆ పిల్లలను కాస్త గమనిస్తూ ఉండాలి. మీరు తేదీ రాస్తే ఆమె ఈ లెక్క వేసుకోగలరు.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన వాక్యం దగ్గరికి వద్దాం: "నిన్న తలకు నీళ్ళు పోసినాము." అమ్మవారు పోసింది, నీళ్ళు పోశాము. జబ్బు వచ్చినదీ, తగ్గినదీ ఒకే క్రియతో చెప్పడం మన భాషలో కుదిరింది. ఇది ఇంగ్లీషులోకి రాదు, రాకపోయినా ఫరవాలేదు. కానీ "వుయ్ పోర్డ్ వాటర్ ఆన్ హర్ హెడ్" అని రాస్తే జ్వరం దించడానికి చన్నీళ్ళు పోశారని అనుకుంటారు. "షి టుక్ బాత్ యెస్టర్డే" అని రాస్తే, అయితే ఏమిటి అనుకుంటారు. ఈ వాక్యం మన ఇళ్ళలో చెప్పే మాట స్నానం గురించి కాదు: పొక్కులన్నీ ఎండి పక్కులు కట్టాయి, వేపాకు, పసుపు వేసిన నీళ్ళు పోశాము, అమ్మవారు దిగింది, ఇక పిల్ల నలుగురిలోకి రావచ్చు అని. వైద్యం చెప్పేది కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది. పొక్కులన్నీ పక్కు కట్టేదాకా, సాధారణంగా అయిదు నుంచి ఏడు రోజులు, ఇతరులకు అంటుకునే ప్రమాదం ఉంటుంది, ఆ తరువాత బడికి పంపవచ్చు. కాబట్టి ఈ వాక్యానికి సరైన ఇంగ్లీషు "ఆల్ ద బ్లిస్టర్స్ హావ్ నౌ డ్రైడ్ అండ్ స్కాబ్డ్ ఓవర్" అన్నది.

ఒక్క హెచ్చరిక. నీళ్ళు పోయడం కొన్ని ఇళ్ళలో బేసి రోజు చూసి, శుక్రవారమో ఆదివారమో కలిసివచ్చేటట్టు చేస్తారు. అప్పుడు స్నానం అయినంత మాత్రాన పక్కులు కట్టినట్టు కాదు. కనుక రాసే ముందు పాప వీపు, నెత్తి, చంకలు చూడండి. ఒక్క నీటి పొక్కు మిగిలినా ఈ వాక్యం రాయకండి, పాపను పంపకండి. అనువాదకుడు మూలంలో దాగిన అర్థాన్ని బయటికి తీయవచ్చు గాని, జరగని సంగతిని చేర్చకూడదు. ఇదే కారణంతో "అండర్ ద ట్రీట్‌మెంట్ ఆఫ్ ఎ డాక్టర్" అన్న వాక్యాన్ని కూడా, వైద్యుని దగ్గరికి పోయి ఉంటేనే రాయాలి. సెలవు చీటీలలో ఈ వాక్యం ఊరికే వచ్చి చేరుతుంది, ఆ తరువాత బడివాళ్ళు సర్టిఫికెట్ ఏదని అడుగుతారు. అంటుకునే జబ్బు తరువాత ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అడిగే బడులు చాలా ఉన్నాయి కనుక, ముందుగానే టీచరును అడిగి తెలుసుకోండి.

మర్యాద మాటల దగ్గర మనవాళ్ళు ఎక్కువ తడబడతారు. "చేయగలరు" అన్నది రూపంలో సామర్థ్యాన్ని చెప్పే క్రియ, వాడుకలో మన్ననతో కూడిన విన్నపం. రూపాన్ని పట్టుకొని "యు కెన్ గ్రాంట్ లీవ్" అని రాస్తే అది అనుమతి ఇస్తున్నట్టు వినిపిస్తుంది, తల్లి టీచరుకు సెలవిచ్చినట్టు. "ప్రార్థన" అన్నదాన్ని "ప్రే" అని, "బెగ్" అని రాసే అలవాటు పాత దరఖాస్తుల నుంచి వచ్చింది, "ప్లీజ్" అన్న ఒక్క మాట ఆ భారమంతా మోస్తుంది. దీనికి ఎదురు తప్పు "ఆటలు ఆడించవద్దు" దగ్గర జరుగుతుంది. తెలుగులో చుట్టూ ఉన్న "తమ", "దయతో" అన్న మాటల వల్ల ఈ "వద్దు" మెత్తగానే వినిపిస్తుంది. ఇంగ్లీషులో "డు నాట్ మేక్ హర్ ప్లే" అంటే ఆజ్ఞ. బడులలో దీనికి వాడే మాట "ఎక్స్‌క్యూజ్ హర్ ఫ్రమ్ గేమ్స్". ఎన్నాళ్ళు అన్నది మూలంలో లేదు. మీ శ్రీమతిని అడిగి "ఒక వారం" అనో, "ఈ శనివారం వరకు" అనో పెడితే ఆటల మాస్టరుకు స్పష్టంగా ఉంటుంది. నేను కింద వారం అని వేశాను, ఆమె ఒప్పుకుంటేనే ఉంచండి.

"పోయిన పాఠములు దయతో చెప్పగలరు" అన్నది "టెల్ ద లెసన్స్" కాదు. మనకు పాఠం చెప్పడమంటే నేర్పడం. అయితే ఎనిమిది రోజుల పాఠాలను మళ్ళీ చెప్పమని టీచరును అడగడం తెలుగులో చనువుగానే ఉన్నా, ఇంగ్లీషులో సూటిగా రాస్తే పెద్ద కోరికలా ఉంటుంది. "హెల్ప్ హర్ క్యాచ్ అప్" అంటే తల్లి ఉద్దేశం చెడకుండా, టీచరుకు వీలైనంత మేరకు అన్న వెసులుబాటు కూడా ఉంటుంది. "తమ విధేయురాలు" అన్నదాన్ని "యువర్ ఒబీడియెంట్" అనవలసిన పని లేదు. అది తెలుగు ఉత్తరానికి ముగింపు ముద్ర, ఇంగ్లీషు ఉత్తరానికి ముద్ర "యువర్స్ సిన్సియర్లీ". ప్రారంభంలో టీచరు పేరు తెలుసు గనుక "డియర్ మిస్" తరువాత ఆమె పేరు రాస్తే, లేదా ఆ బడిలో పిలిచే తీరులో "డియర్ మేడమ్" అంటే చాలు. "నమస్కరించి వ్రాయునది" అందులోనే కలిసిపోతుంది.

కాలాల సంగతి ఒక్క మాటలో: నేను చేసిన రెండో తప్పు మీరు చేయకండి. జబ్బు తగ్గింది కనుక జబ్బు గురించిన క్రియ గతంలో ఉండాలి, "హ్యాడ్". నీరసం ఇంకా ఉంది కనుక అది వర్తమానంలో ఉండాలి, "ఈజ్ స్టిల్". గేటు దగ్గర చీటీ చదివే మనిషి చూసేది ఈ రెండు క్రియలనే.

ఇప్పుడు మొత్తం ఉత్తరం ఇది. తేదీ, పాప పూర్తి పేరు, తరగతి, రోల్ నంబరు పైన వేసుకోండి.

"డియర్ మేడమ్,

మై డాటర్ వాజ్ అబ్సెంట్ ఫ్రమ్ ట్యూజ్‌డే, 4 ఫిబ్రవరి, టు వెన్స్‌డే, 12 ఫిబ్రవరి, బికాజ్ షి హ్యాడ్ చికెన్‌పాక్స్. ద ఫీవర్ బిగాన్ ఆన్ ద ఈవెనింగ్ ఆఫ్ మండే, 3 ఫిబ్రవరి, అండ్ ద రాష్ అపియర్డ్ ద నెక్స్ట్ డే. ఆల్ ద బ్లిస్టర్స్ హావ్ నౌ డ్రైడ్ అండ్ స్కాబ్డ్ ఓవర్, అండ్ షి ఈజ్ వెల్ ఇనఫ్ టు కమ్ బ్యాక్ టు స్కూల్.

షి ఈజ్ స్టిల్ వీక్, సో ప్లీజ్ ఎక్స్‌క్యూజ్ హర్ ఫ్రమ్ గేమ్స్ ఫర్ ఎ వీక్. వుయ్ వుడ్ బి గ్రేట్‌ఫుల్ ఇఫ్ యు కుడ్ హెల్ప్ హర్ క్యాచ్ అప్ విత్ ద లెసన్స్ షి హాజ్ మిస్డ్. ప్లీజ్ గ్రాంట్ హర్ లీవ్ ఫర్ దీజ్ డేస్.

యువర్స్ సిన్సియర్లీ,"

దీని కింద తల్లి సంతకం. తెలుగులో సంతకం చేసినా చెల్లుతుంది, దాని కింద పేరును ఇంగ్లీషు అక్షరాలలో మీరు రాయండి. సంతకానికి ముందు దీన్ని ఆమె చేత ఒకసారి పైకి చదివించి, ప్రతి వాక్యానికీ అర్థం తెలుగులో చెప్పండి. ముఖ్యంగా పొక్కుల వాక్యం ఆమె రాసిన మాటలలో లేదు, కనుక అది నిజమేనని ఆమె అనాలి. తెలుగు చీటీని పారేయకుండా దీనికి వెనుక పిన్ను చేసి పంపండి. "వెన్స్‌డే" అక్షరాల వరుసను మాత్రం పాప చేత రాయించుకోండి, అందులో పలకని డి ఒకటి ఉంది, అయిదో తరగతి పిల్లలు దానిని మనకంటే బాగా గుర్తుపెట్టుకుంటారు.